మా దుకాణంలో అరల లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్ళు నాకు ఫోన్ చేసి, “నువ్వు జహీరాబాద్‌లో సూపర్ మార్కెట్ నడుపుతున్నావు కదా, వ్యాపారం గురించి పావుగంట మాట్లాడు” అన్నారు. వ్యాపారం గురించి మాట్లాడేంత పెద్దవాణ్ణి కాను. మన దగ్గర చదువుకున్నవాళ్ళలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. నేను పప్పూ ఉప్పూ అమ్ముకునేవాణ్ణి. కానీ దుకాణంలో ఏ సరుకు ఏ అరలో పెట్టాలి అన్న ఒక్క సంగతి మీద ఎన్నో ఏళ్ళు తప్పులు చేసి, కొంచెం నేర్చుకున్నాను. ఆ తప్పులే చెప్తాను. మన బ్యాచుల్లో కిరాణం నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు పనికొస్తుంది. మిగతావాళ్ళకు, రేపు దుకాణానికి పోయినప్పుడు మీ చేయి ఎందుకు ఒక ప్యాకెట్ మీదికే పోతుందో తెలుస్తుంది.

మా నాయన కాలంలో ఈ లెక్కే లేదు. బల్లకు ఇవతల గిరాకీ, అవతల మా నాయన. “కిలో కందిపప్పు, పావు కిలో చాపత్తా” అని అడిగితే కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాడు. సరుకు బస్తాల్లో, డబ్బాల్లో ఎక్కడున్నా ఫరక్ పడేది కాదు. ఎక్కడుందో ఆయనకు తెలిస్తే చాలు. ఏది మంచిదో కూడా ఆయనే చెప్పేవాడు. “ఈసారి పప్పు ఉడకడం లేదు చిన్నమ్మా, వచ్చే వారం తీసుకో” అనేవాడు. అమ్మేది నోరు.

2009లో నేను ఆ బల్ల తీసేశాను. ఇరవై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల పొడుగు జాగాలో ర్యాకులు పెట్టి, గిరాకీ తనే బుట్ట పట్టుకుని తిరిగేటట్టు చేశాను. ఈ పద్ధతి అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో 1916లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఆ దుకాణం పేరు పిగ్లీ విగ్లీ. లోపలికి వచ్చిన మనిషి అన్ని అరల ముందు నుంచీ నడిచి, చివరికి డబ్బులు కట్టే చోటుకు చేరేటట్టు దారి కట్టాడు. మన దగ్గర హైదరాబాద్‌లో త్రినేత్ర వాళ్ళ దుకాణాలు ఇట్లాగే ఉండేవి. 2007లో ఆదిత్య బిర్లా వాళ్ళు దాన్ని తీసుకుని, ఆ తర్వాత ‘మోర్’ అని పేరు మార్చారు. నేను హైదరాబాద్ పోయినప్పుడల్లా అలాంటి దుకాణాల్లో ఏమీ కొనకుండా గంటసేపు తిరిగి, చూసింది చూసినట్టు ఇక్కడ పెట్టాను. నా మొదటి తప్పు అదే.

పెద్ద దుకాణాల్లో పాలు, పెరుగు అన్నిటికంటే వెనక ఉంటాయి. పాల కోసం వచ్చినవాడు దుకాణమంతా దాటి పోవాలి, పోతూ పోతూ ఇంకో నాలుగు సరుకులు చూసి తీసుకోవాలి. నేనూ ఫ్రిజ్‌ను వెనక గోడకు పెట్టాను. కానీ పెద్ద దుకాణానికి జనం నెలకు ఒకటి రెండుసార్లు బండి వేసుకుని పోతారు. మా దుకాణానికి పొద్దున అయిదు నిమిషాల కోసం వస్తారు. చేతిలో సరిపడా చిల్లర పట్టుకుని వచ్చిన పెద్దాయన నలభై అడుగులు పోయి, నలభై అడుగులు వచ్చి, నెల సామాను బిల్లు కొట్టించుకునేవాళ్ళ వెనక నిలబడాలి. ఆయన రెండు రోజులు చూశాడు. మూడో రోజు నుంచి మూల మీది పాల బూత్‌కు పోయాడు. పాలతో పాటు ఆయన తీసుకునే బ్రెడ్డు, చక్కెర కూడా అక్కడికే పోయాయి. రెండు నెలల తర్వాత ఫ్రిజ్‌ను తలుపు పక్కకు తెచ్చాను. పొద్దున తొమ్మిది దాకా గల్లా పక్కన పాలకు వేరే డబ్బా పెట్టాను. పోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు, అందరూ రాలేదు. తొమ్మిది వందల చదరపు అడుగుల దుకాణానికి యాభై వేల చదరపు అడుగుల తెలివి పనికిరాదని అప్పుడు తెలిసింది.

ఇక అర ఎత్తు సంగతి. ర్యాకులు అమ్మినవాడు నాకు ఒక మాట చెప్పాడు. కంటి ఎదురుగా ఉన్న అరే బంగారం, అందులో ఎక్కువ లాభం వచ్చేది పెట్టమన్నాడు. అతని బొమ్మల పుస్తకంలో ఆ అర నేలకు అయిదు అడుగుల మూడు అంగుళాల ఎత్తున ఉంది. నేను అట్లాగే బిగించాను. ఆరు నెలలైనా ఆ బంగారం కనబడలేదు. ఒకరోజు మా ఇంట్లో ఆమెను ర్యాకు ముందు నిలబెట్టి టేపు పెట్టి చూశాను. మనిషి ఎత్తు అయిదు అడుగులు. కళ్ళు నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఉన్నాయి. పైగా నడుస్తున్న మనిషి తలెత్తి చూడదు, చూపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. మా దగ్గర సామాను తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళ చూపు ఆగే చోటు, చేయి సుళువుగా పోయే చోటు మూడున్నర అడుగుల నుంచి నాలుగున్నర అడుగుల మధ్య. పుస్తకంలోని ఎత్తు వేరే దేశం మనిషి కొలత.

అన్నిటికంటే పైన ఉన్న అర ఆరు అడుగులు. అక్కడ పెట్టిన వస్తువు కావాలంటే చెయ్యి పైకెత్తాలి, లేదా పనిచేసే పిల్లగాణ్ణి పిలవాలి. ఎవరూ పిలవరు. అడగడానికి మొహమాటపడి, లేదులే అనుకుని పోతారు. ఆ తర్వాత ఆ అరను అమ్మకానికి వాడటం మానేసి, అదే సరుకు మిగులు పెట్టెలు పెట్టుకుంటున్నాను.

అన్నిటికంటే కింది అర సంగతి నాకు కొర్రలు నేర్పాయి. మన జహీరాబాద్ చుట్టుపక్కల చిరుధాన్యాల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఈ విత్తనాలు కాపాడుకుంటూ వచ్చారు. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడు నేనూ ఉత్సాహంగా అర కిలో కొర్ర బియ్యం ప్యాకెట్లు తెప్పించి, ఓట్స్ పక్కన కింది అరలో పెట్టాను. వారానికి అయిదు ప్యాకెట్లు పోయేవి. ఈ ఊరివాళ్ళే కొర్రలు కొనకపోతే ఇంకెవరు కొంటారని బాధపడ్డాను.

ఒక సాయంత్రం గల్లా దగ్గర కూర్చోకుండా ఆ మూలకు నిలబడి చూశాను. ఓట్స్ దగ్గరికి వచ్చేవాళ్ళు ఓట్స్ కోసమే వస్తున్నారు. కొర్రలు కావలసినవాళ్ళు, అంటే షుగర్ ఉన్న పెద్దవాళ్ళు, రొట్టెలు తినే ఇళ్ళవాళ్ళు, బియ్యం, జొన్న పిండి దగ్గరికే వచ్చి పోతున్నారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి నేల మీది అర దాకా వంగదు. అంటే నేను రెండు తప్పులు చేశాను. ఒకటి ఎత్తు, రెండోది పొరుగు. కొర్రలను బియ్యం పక్కకు, నాలుగు అడుగుల ఎత్తుకు మార్చాను. మొదటి వారం తొమ్మిది, రెండో వారం పద్నాలుగు, ఆ తర్వాత పదకొండు, పన్నెండు దగ్గర నిలిచింది. ధర మార్చలేదు, బోర్డు పెట్టలేదు.

నిలిచిందని ఊరుకోకుండా నేను ఇంకో తప్పు చేశాను. తలుపు ఎదురుగా ఎనభై ప్యాకెట్లు గోపురంలా పేర్చాను. చూసినవాళ్ళంతా బాగుందన్నారు, ఎవరూ ముట్టలేదు. అందంగా పేర్చిన గుట్టలోంచి ఒకటి లాగితే పడిపోతుందేమో అని భయం. మా పిల్లగాడు తెలివిగా పైన రెండు ప్యాకెట్లు తీసి పక్కన పెట్టాడు. ఎవరో ఇదివరకే తీసుకున్నట్టు కనబడేసరికి చేతులు పోయాయి. అయినా వానాకాలం వచ్చేదాకా ముప్పయి అయిదు అమ్మాను. మిగతా నలభై అయిదింటికి పురుగు పట్టింది. ప్యాకెట్ నాకు యాభై రెండు రూపాయలు పడింది. రెండు వేల మూడు వందల నలభై రూపాయలు చెత్తలో పోశాను. గుట్ట పెద్దదైతే అమ్మకం పెరగదు, పాత సరుకు పెరుగుతుంది. ఇప్పుడు ఏ సరుకైనా రెండు వారాల అమ్మకం కంటే ఎక్కువ పేర్చను. లోపల డబ్బాలు బోర్లించి, పైన సరుకు పెట్టి గుట్టలా కనబడేటట్టు చేస్తాను. కొత్త ప్యాకెట్లు ఎప్పుడూ వెనక, పాతవి ముందు.

ఎత్తు మార్చేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. అన్ని సరుకులూ పైకి ఎక్కవు. నూనె ప్యాకెట్లు ఎప్పుడూ కిందే, వాటి కింద ఒక ట్రే. ఒక ప్యాకెట్ కారితే కింది అరలన్నీ పాడవుతాయి. అయిదు కిలోల పిండి సంచీ, బట్టల సబ్బు పొడి పెద్ద సంచీ కిందే ఉండాలి, బరువు పైనుంచి దింపుకునేటప్పుడు కాలి మీద పడుతుంది. వాటి కోసం వచ్చినవాళ్ళు ఎట్లాగూ వెతుక్కుని వస్తారు, వంగుతారు. అగరువత్తులు, సబ్బుల పక్కన చాపత్తా, పిండి పెట్టకూడదు. ప్యాకెట్ మూసి ఉన్నా వాసన పడుతుంది. ఇంటికి పోయి టీ తాగితే తెలుస్తుంది.

ఇప్పుడు లెక్కల సంగతి. మన లెక్కల సారు ఇక్కడ ఉన్నారు, తప్పులుంటే దిద్దాలి. ఒక సబ్బుల కంపెనీ మనిషి వచ్చాడు. “అన్నా, నీ సబ్బుల ర్యాకులో మధ్య అర మూడు అడుగులు మాకియ్యి. మా సబ్బు తప్ప ఇంకొకటి అందులో పెట్టొద్దు. నెలకు ఆరు వందలు ఇస్తాం” అన్నాడు. అర అద్దెకు తీసుకోవడమన్నమాట. ఊరికే వచ్చే డబ్బు కదా అని ఒప్పుకున్నాను. షరతు ఏమిటంటే ఇరవై వేల రూపాయల సరుకు అదనంగా తీసుకోవాలి.

నెల తిరిగేసరికి ఆ కంపెనీ సబ్బు అమ్మకం తొమ్మిది వేల నుంచి పదహారు వేలకు పెరిగింది. కంపెనీ మనిషి మిఠాయి డబ్బా తెచ్చాడు. నేనూ సంబరపడ్డాను. మా అమ్మాయి అప్పుడు ఎం.బి.ఎ. చదువుతోంది. “నాన్నా, ఆ ఒక్క సబ్బు కాదు, మొత్తం ర్యాకు లెక్క చూశావా?” అంది. చూడలేదు. ఇద్దరం బిల్లులు ముందేసుకుని కూర్చున్నాం.

అంతకు ముందు నెల ఆ సబ్బు తొమ్మిది వేలు, మిగతా కంపెనీల సబ్బులన్నీ కలిపి ముప్పయి తొమ్మిది వేలు. ఆ సబ్బు మీద నాకు మిగిలేది నూటికి ఆరు, మిగతావాటి మీద నూటికి పది. అంటే అయిదు వందల నలభై, మూడు వేల తొమ్మిది వందలు. మొత్తం నాలుగు వేల నాలుగు వందల నలభై.

అర అద్దెకిచ్చిన నెలలో ఆ సబ్బు పదహారు వేలు, దాని మీద తొమ్మిది వందల అరవై. మిగతా సబ్బులు కింది అరకు పోయాయి కాబట్టి ముప్పయి వేల అయిదు వందలకు పడిపోయాయి, వాటి మీద మూడు వేల యాభై. మొత్తం నాలుగు వేల పది. అద్దె ఆరు వందలు కలిపితే నాలుగు వేల ఆరు వందల పది. అంటే పాత నెల కంటే నూట డెబ్బయి రూపాయలు ఎక్కువ. కానీ ఇరవై వేల అదనపు సరుకు నేను నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్నాను. నెలకు మూడు వందలు. అది తీసేస్తే నూట ముప్పయి రూపాయలు నష్టం. మిఠాయి డబ్బా తిన్నది మాత్రం లాభం.

ఇందులో ముఖ్యమైన సంగతి, ఏడు వేలు పెరిగిన ఆ సబ్బు కొత్తవాళ్ళు కొన్నది కాదు. రోజూ సబ్బు వాడే ఇల్లు అరలో ఎదురుగా కనబడిందని రెండు సబ్బులు ఎక్కువ రుద్దుకోదు. ఒకదాని బదులు ఇంకొకటి తీసుకుంటుంది, అంతే. పైగా మొత్తం సబ్బుల అమ్మకం నలభై ఎనిమిది వేల నుంచి నలభై ఆరు వేల అయిదు వందలకు తగ్గింది. ఆ పదిహేను వందలు ఎటు పోయాయి? తనకు అలవాటైన సబ్బు కనబడక, ఎదురు దుకాణానికి పోయినవాళ్ళవి. సబ్బుకు పోయిన మనిషి బియ్యం కూడా అక్కడే కొంటుంది, అది ఈ లెక్కలో లేదు. అందుకే అరలో ఏ మార్పు చేసినా ఆ ఒక్క సరుకు లెక్క చూడకండి, దాని పక్కవాటితో కలిపి మొత్తం ర్యాకు లెక్క చూడండి. ఒకటో తారీఖు వారాన్ని ఒకటో తారీఖు వారంతోనే పోల్చండి. జీతాలు వచ్చిన వారాన్ని నెలాఖరుతో పోలిస్తే ఏ మార్పైనా బ్రహ్మాండంగా కనబడుతుంది.

కొన్ని సరుకులకు మాత్రం ఇది వర్తించదు. బిస్కెట్లు, చిప్స్, మిక్చర్ ఎదురుగా కనబడితే నిజంగానే ఎక్కువ తింటారు. ఇంట్లో ఉంటే అయిపోతాయి, అయిపోతే మళ్ళీ కొంటారు. ఉప్పు, సబ్బు అట్లా కాదు. ఏది బదులు తీసుకునే సరుకో, ఏది అదనంగా తీసుకునే సరుకో ముందు తెలుసుకుంటే, మంచి అర దేనికివ్వాలో తెలుస్తుంది.

చివరిగా గల్లా దగ్గరి సంగతి. దీని గురించి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఇది మన బడి కాబట్టి చెప్తున్నాను.

గల్లా పెట్టె దగ్గర మనిషి రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడుతుంది. చేతిలో డబ్బు బయటికి తీసి ఉంటుంది. అక్కడ అయిదు రూపాయలది, పది రూపాయలది ఏది పెట్టినా పోతుంది. నేను చాక్లెట్ల స్టాండు పెట్టాను. కంపెనీవాళ్ళే ఉచితంగా ఇచ్చారు. మూడు అడుగుల ఎత్తు, సరిగ్గా అయిదేళ్ళ పిల్లవాడి కళ్ళ దగ్గర. నెలకు తొమ్మిది వేలు అమ్మేవాణ్ణి.

ఒక సాయంత్రం ఒకామె వచ్చింది. చెరుకు నరికే పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు గీతలు పడి ఉన్నాయి. కొడుకు వెంట ఉన్నాడు. అర కిలో కందిపప్పు, నూనె ప్యాకెట్, ఉప్పు, కారం. డబ్బు లెక్కపెట్టుకునే తెచ్చింది. వరుసలో నిలబడేలోపల పిల్లవాడు స్టాండులోంచి పెద్ద చాక్లెట్ తీసి కాగితం చింపేశాడు. ఆమె వాణ్ణి ఒక దెబ్బ వేసింది, వాడు ఏడ్చాడు. వెనక నలుగురు చూస్తున్నారు. “పర్వాలేదక్కా, ఇయ్యకు” అని నేను అనాల్సింది. అనలేదు. బిల్లు కొట్టాను. ఆమె కందిపప్పు పక్కకు పెట్టి, “ఇది తీసెయ్యన్నా” అంది. నేను తీసేశాను.

ఆ రాత్రి గల్లా లెక్క చూసుకుంటుంటే ఆ పప్పు ప్యాకెట్ ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని తిరిగి అరలో పెట్టడానికి లేచాను. ఆ స్టాండు అక్కడ పెట్టింది నేను, ఆ ఎత్తున పెట్టింది నేను. ఆమె మళ్ళీ మా దుకాణానికి రాలేదు.

అనుకోకుండా కొనే కొనుగోళ్ళ గురించి హాకిన్స్ స్టెర్న్ అనే ఆయన 1962లో రాసిన వ్యాసం మా అమ్మాయి పాఠాల్లో ఉంది. అవన్నీ ఒకటి కాదు, నాలుగు రకాలంటాడు ఆయన. నాలుగూ చెప్పను, రెండు చాలు. ఒకటి, చూడగానే పుట్టే కోరిక. రెండోది, చూడగానే గుర్తుకు రావడం. అగ్గిపెట్టె చూస్తే “అరే, ఇంట్లో అయిపోయింది కదా” అని తీసుకోవడం రెండో రకం. మొదటి రకంలో ఇంటికి పోయాక ఎందుకు కొన్నానా అనిపించవచ్చు. రెండో రకంలో “బతికించాడు, మళ్ళీ రావలసి వచ్చేది” అనిపిస్తుంది. గల్లాలో పడే పది రూపాయలు మాత్రం రెండూ ఒకటే.

స్టాండు తీసేశాను. చాక్లెట్లను లోపల, నాలుగున్నర అడుగుల ఎత్తు అరకు మార్చాను. తల్లి తీసిస్తే తప్ప పిల్లవాడికి అందవు. గల్లా దగ్గర ఒక వెడల్పాటి ట్రే పెట్టాను. అగ్గిపెట్టెలు, బ్యాటరీలు, సూది దారం, గ్యాస్ లైటర్, పిన్నీసులు, ఇరవై నిమ్మకాయలు, కరివేపాకు కట్టలు. నిమ్మకాయలు ఇరవై కంటే ఎక్కువ పెట్టను, రెండు రోజులు దాటితే తొక్క ముడుచుకుంటుంది, ముడుచుకున్న కాయ పక్కనున్న మంచి కాయను కూడా అమ్మనివ్వదు.

లెక్క నిజంగా చెప్తాను. చాక్లెట్లు తొమ్మిది వేల నుంచి అయిదు వేల రెండు వందలకు పడ్డాయి. నూటికి పన్నెండు మిగులుతుంది కాబట్టి నెలకు నాలుగు వందల యాభై ఆరు రూపాయలు పోయాయి. ట్రే మీద మిగిలేది మూడు వందల యాభై దాకా. అంటే నెలకు నూరు రూపాయల చిల్లర తక్కువే. దాని వల్ల ఎందరు తిరిగి వస్తున్నారని అడిగితే నా దగ్గర కాగితం మీద లెక్క లేదు. వరుసలో పిల్లల ఏడుపు తగ్గింది. తల్లులు బిల్లు సరిచూసుకునేదాకా ఆగుతున్నారు, అంతకు ముందు పిల్లవాణ్ణి లాక్కుని పరుగెత్తేవాళ్ళు. ఇది మాత్రం నేను కళ్ళతో చూశాను.

పెద్ద నగరంలో దుకాణం ముందు నుంచి రోజూ కొత్త జనం పోతుంటారు. ఒకరు పోతే ఇంకొకరు వస్తారు. మా వీధికి వచ్చేది అవే మూడు నాలుగు వందల ఇళ్ళు. పెళ్ళికి సౌదా మా దగ్గరే, చావు ఖర్చుకు ఉద్దెర మా దగ్గరే. వాళ్ళ చేత ఈ రోజు పది రూపాయలు ఎక్కువ పెట్టించడానికి అర సర్దాలా, వచ్చే నెల మళ్ళీ వచ్చేటట్టు సర్దాలా అన్నదే ప్రశ్న. చాలాసార్లు రెండూ ఒకటే. కొర్రల దగ్గర ఒకటే అయ్యాయి. గల్లా దగ్గర కాలేదు.

కిరాణం నడిపే తమ్ముళ్ళకు ఒక్క పని చెప్పి ముగిస్తాను. వారానికి ఒక సాయంత్రం గల్లా మీద ఇంకొకరిని కూర్చోబెట్టి, దుకాణంలో ఒక మూలకు నిలబడండి. ఏమీ మాట్లాడకండి. ఎవరు ఏ అర ముందు ఆగారు, ఏది చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టారు, ఏది అడగడానికి నోరు తెరిచి ఊరుకున్నారు, గల్లా దగ్గర ఏది వెనక్కి ఇచ్చారు, ఈ నాలుగు ఒక చీటీ మీద రాసుకోండి. వెనక్కి ఇచ్చినవాటిని తప్పకుండా రాసుకోండి. మిగతావి ఏదో ఒక రూపంలో కంప్యూటర్ బిల్లులో కనబడతాయి. అది కనబడదు.

 లెక్కల సారుకు ప్రత్యేకంగా నమస్కారం. ఈ కూడికలు, తీసివేతలు వారి దగ్గర నేర్చుకున్నవే. తప్పులుంటే నావి.